భూమంత టెలిస్కోపు మోసమా? ఒక ఫార్వర్డ్‌కి జవాబు

"బ్లాక్ హోల్ ఫొటో పేరుతో పెద్ద మోసం! ప్రపంచం మొత్తం మీద ఎనిమిది డిష్‌లు పెట్టి భూమంత టెలిస్కోపు అన్నారు. ఎనిమిది డిష్‌ల వైశాల్యం భూమిలో ఎంత? మిగతా ఖాళీ అంతా కంప్యూటర్ గీసిందే. డేటా ఇంటర్నెట్‌లో పంపలేదట, హార్డ్ డిస్కుల్లో పెట్టి విమానాల్లో తెచ్చారట. రెండేళ్ళు దగ్గర పెట్టుకుని బొమ్మ వదిలారు. ఉంగరం కావాలనుకున్నారు, ఉంగరం గీశారు. బయటివాళ్ళెవరూ తనిఖీ చేయలేదు. అందరికీ షేర్ చేయండి."

గాజువాకలో ఉండే మా బావగారు ఇది పంపి, కింద "ఏవోయ్, దీనికేమంటావు?" అని రాశారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరైన మనిషి. దేన్నీ ఊరికే నమ్మరు, ఊరికే కొట్టిపారేయరు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు వైశాల్యం సంగతి. అంకె విషయంలో మెసేజ్ రాసినాయన తన వాదాన్ని తానే తగ్గించుకున్నారు. 2017 ఏప్రిల్‌లో పనిచేసిన డిష్ కేంద్రాలు ఎనిమిదే కానీ, దక్షిణ ధ్రువంలో ఉన్నదానికి ఆ బ్లాక్ హోల్ ఉన్న ఎం87 గెలాక్సీ ఎప్పుడూ దిగంతం కిందే ఉంటుంది. కాబట్టి ఆ ఫొటోకి పనికొచ్చినవి ఏడే. అవి ఉన్నది ఐదు చోట్ల: చిలీ, హవాయి, అరిజోనా, మెక్సికో, స్పెయిన్. అవన్నీ కలిపినా భూమి మీద చుక్కంత కూడా కావు. ఇది నిజమే. కానీ ఎంత చిన్న వివరం కనిపిస్తుందన్నది వైశాల్యం మీద కాదు, డిష్‌ల మధ్య దూరం మీద ఆధారపడుతుంది.

మన ఊళ్ళోనే లెక్క వేసి చూద్దాం. కైలాసగిరి మీద ఒక డిష్, డాల్ఫిన్స్ నోస్ మీద ఒకటి పెట్టామనుకోండి. మధ్య దూరం ఉజ్జాయింపుగా పది కిలోమీటర్లు. ఆకాశంలో ఒక మూల నుంచి వచ్చే రేడియో అల రెండింటినీ ఒకేసారి తాకదు. ఒకదానికి ముందు, రెండోదానికి కొంచెం వెనక. ఆ తేడా ఎంత ఎక్కువైనా 33 మైక్రోసెకన్లు దాటదు. ఆ తేడాని కొలిస్తే అల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇప్పుడు ఆ మూల పక్కనే ఇంకో చిన్న మెరుపు ఉందనుకోండి. దాని అల దారి కూడా రెండు డిష్‌లకీ కొంచెం వేరుగా ఉంటుంది. ఈ రెండు మెరుపుల దారి తేడాల మధ్య కనీసం ఒక తరంగదైర్ఘ్యం, అంటే ఇక్కడ 1.3 మిల్లీమీటర్లు, వ్యత్యాసం ఉంటే అవి రెండని చెప్పగలం. పది కిలోమీటర్ల దూరానికి 1.3 మిల్లీమీటర్లు వచ్చే కోణం ఆర్క్‌సెకనులో 37వ వంతు. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక్కొక్కటీ ఒక ఆర్క్‌సెకను. రెండో డిష్‌ని డాల్ఫిన్స్ నోస్ మీంచి తీసి పదివేల కిలోమీటర్ల అవతల పెడితే ఆ కోణం ఇంకా వెయ్యి రెట్లు తగ్గుతుంది, సుమారు 27 మైక్రో ఆర్క్‌సెకన్లు. ఎం87 నడుమ కనిపించిన ఉంగరం వ్యాసం 42. అంటే ఏదో చాలా గొప్ప వివరం కనిపించిందని కాదు, కష్టం మీద ఉంగరమని తెలిసేంతగా కనిపించింది. ఫొటో మసకగా ఉండడానికి కారణం ఇదే.

(నిజంగా కైలాసగిరి మీద పెడితే పని జరగదు లెండి. ఈ తరంగాలను గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. మన సముద్రపు గాలిలో ఆవిరికి కొదవేముంది! అందుకే చిలీలో అయిదు వేల మీటర్ల ఎత్తున, అటకామా ఎడారిలో పెట్టుకున్నారు.)

వైశాల్యం తక్కువైతే నష్టం లేదా? ఉంది. మసక వెలుగు పట్టుబడదు. భూమంత గిన్నె నిజంగా ఉంటే మామూలు నక్షత్రాలను కూడా చూసేది. ఈ డిష్‌ల గుంపు చూడగలిగేది కోట్ల డిగ్రీల వేడిలో వెలిగే వాయువు లాంటివాటినే. ఎం87 ఉంగరం వెలుగు వందల కోట్ల డిగ్రీలకు సమానం కాబట్టి దొరికింది. అందుకే చిలీలో ఆల్మా కేంద్రానికి చెందిన మూడు డజన్ల దాకా డిష్‌లను ఒక్కటిగా కట్టి వాడారు. అది జత కావడంతో మిగతా చిన్న డిష్‌లకు పని చాలా తేలికైంది.

హార్డ్ డిస్కుల గొడవకి వద్దాం. చాలామంది అనుకున్నట్టు ఒక్కో డిష్ ఒక్కో చిన్న ఫొటో తీయదు. తనమీద పడిన అలనే, దాని ఎగుడు దిగుళ్ళతో సహా, రాసిపెట్టుకుంటుంది. ఒక్కో కేంద్రంలో సెకనుకి 32 గిగాబిట్లు. ఒక రోజు పరిశీలనకి ఒక్కో కేంద్రం నుంచి 350 టెరాబైట్ల దాకా. మన ఇళ్ళల్లో ఉండే 100 ఎంబీపీఎస్ లైన్ మీద పంపాలంటే ఒక్క రోజు డేటాకే పది నెలల పైన పడుతుంది. దీన్ని జిప్ చేసి కుదించడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అందులో దాదాపు అంతా రిసీవర్ సొంత రొద, గాలి రొద. చిన్న డిష్‌లలో ఆకాశం నుంచి వచ్చిన వాటా వెయ్యో వంతు కూడా ఉండదు. రొదలో పునరావృతం ఉండదు కాబట్టి అది కుదించుకుపోదు. అలాంటప్పుడు డిస్కుల్ని పెట్టెల్లో పెట్టి అమెరికాలోని హేస్టాక్ అబ్జర్వేటరీకి, జర్మనీలో బాన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థకి పంపడమే వేగమైన దారి. తరంగదైర్ఘ్యం పెద్దదై డేటా తక్కువైన చోట యూరప్‌లోని డిష్‌లు ఫైబర్ మీద అప్పటికప్పుడే కలుస్తున్నాయి కూడా. విమానం ఎక్కించడం అవసరాన్ని బట్టి జరిగిందే.

అసలు పరీక్ష ఆ రెండు చోట్లా జరిగేది. హవాయి రికార్డింగ్‌నీ స్పెయిన్ రికార్డింగ్‌నీ తెచ్చి, ఒకదాన్ని కొంచెం కొంచెం జరుపుతూ రెండింటినీ గుణించి సగటు తీస్తారు. రెండు రిసీవర్ల రొదకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు కాబట్టి అది సగటులో కరిగిపోతుంది. రెండింట్లోనూ ఉన్న ఆకాశపు అల మాత్రం సరైన జరుపు దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. దీన్నే ఫ్రింజ్ అంటారు. ఒక డిష్ వేరే వైపు తిరిగి ఉన్నా, గడియారం సరిగ్గా నడవకపోయినా ఫ్రింజ్ లేవదు. ఇక్కడ ఒక అల పూర్తి కావడానికి పట్టే కాలం 4.3 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అందుకే ప్రతి కేంద్రంలోనూ హైడ్రోజన్ మేజర్ అనే అణు గడియారం ఉంటుంది. పది సెకన్ల వ్యవధిలో అది పికోసెకను కూడా జారదు. ఏ గడియారం ఎంత ముందుందో జీపీఎస్ ద్వారా సుమారుగా తెలుసుకుంటారు, మిగతాది ఫ్రింజ్ వెతుకులాటలో తేలుతుంది.

ఇంత చెప్పాక బావగారు ఫోన్ చేశారు. "అది సరేనోయ్. గడియారం ఆగదు, బానే ఉంది. మరి ఆ డిష్ నెత్తిమీద మబ్బో, ఆవిరో అడ్డొస్తే అల ఆలస్యం కాదా? ప్రతి చోటా వేరే వేరే ఆలస్యమైతే నీ పికోసెకన్ల లెక్క గల్లంతే కదా?"

గల్లంతే. కొన్ని సెకన్లకోసారి మారిపోతుంది కూడా. కానీ మూడు డిష్‌లు తీసుకుంటే దారి ఉంది. ఒకటి రెండు, రెండు మూడు, మూడు ఒకటి అని మూడు జతల్లో అల తేడాలను వరుసగా కూడండి. రెండో డిష్ మీది ఆవిరి వల్ల వచ్చిన తప్పు మొదటి జతలో కూడికగా వస్తే, రెండో జతలో అంతే తీసివేతగా వస్తుంది. మిగతా రెండు డిష్‌లకీ అంతే. మొత్తంలో మూడు తప్పులూ కొట్టుకుపోయి ఆకాశం సంగతి మాత్రమే మిగులుతుంది. ఉంగరం ఆకారం గురించి చెప్పేవాటిలో ఎక్కువ నమ్మదగింది ఈ త్రికోణపు మొత్తమే.

మరి ఖాళీలు? ఐదు చోట్లంటే పది జతలు. భూమి తిరుగుతున్నకొద్దీ ఎం87 వైపు నుంచి చూస్తే ఒక్కో జత మధ్య దూరమూ, వాలూ మారుతూ ఒక్కో వంపు గీతంత కొలతలు ఇస్తుంది. అయినా మధ్యలో చాలా ఖాళీ మిగిలిపోతుంది, దాన్ని కంప్యూటర్ కొన్ని ఊహలతో పూడుస్తుంది. ఆ ముక్క మెసేజ్‌లో తప్పు లేదు. ఉంగరంలో ఇక్కడ చిన్న మెరుపు, అక్కడ చిన్న గడ్డ అని ఎవరైనా చూపిస్తే నేనూ నమ్మను.

ఉంగరం మాత్రం ఆ పూడ్చినదాంట్లోంచి వచ్చింది కాదు. బొమ్మ గీయకముందే కొలతల్లో ఉంది. తూర్పు పడమరలుగా ఉన్న జతల్లో, ఎం87 వైపు నుంచి కనిపించే దూరం పెరుగుతున్నకొద్దీ ఫ్రింజ్ బలం తగ్గుతూ వచ్చి, సుమారు 4,400 కిలోమీటర్ల దగ్గర దాదాపు మాయమైంది. ఇంకా దూరం పోతే మళ్ళీ పెరిగింది. అంచులు మెల్లగా పలచబడే మామూలు వెలుగు ముద్దకైతే ఒకసారి తగ్గిన బలం మళ్ళీ లేవదు. పదునైన అంచో, మధ్యలో ఖాళీయో ఉండాలి. ఆ మాయమైన దూరాన్ని బట్టే 42కి దగ్గరి వ్యాసం చేత్తో లెక్క కట్టొచ్చు. బొమ్మలు వేసిన నాలుగు బృందాలు మొదట ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పనిచేశాయి. ఆ తర్వాత తమ పద్ధతుల్ని తెలిసిన నకిలీ డేటా మీద పరీక్షించుకున్నాయి: నిండు బిళ్ళ, రెండు చుక్కలు, నెలవంక, ఉంగరం. బిళ్ళ డేటా ఇస్తే బిళ్ళే రావాలి. బిళ్ళని ఉంగరం చేసే సెట్టింగుల్ని పక్కన పెట్టారు.

రెండేళ్ళ ఆలస్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎం87కి పనికిరాకపోయినా, అదే పరిశీలనల్లో చూసిన మిగతావాటికి కావలసిన దక్షిణ ధ్రువం డిస్కులు అక్కడి శీతాకాలం పోయి విమానాలు తిరిగితే గానీ రాలేదు, అవి చేరేసరికి 2017 డిసెంబరు. 2018 వేసవిలో బొమ్మలు వేశారు, 2019 ఏప్రిల్ 10న ప్రకటించారు.

ఇక బయటివాళ్ళు. సరిచూసిన ఎం87 డేటా అందరికీ పెట్టారు. ఫ్రింజ్‌గా సగటు తీశాక అది చాలా చిన్నది, మీ ఫోన్‌లో పట్టేస్తుంది. జపాన్‌లో ఒక చిన్న బృందం 2022లో దాన్ని తీసుకుని మాకు ఉంగరం రాలేదు, నడిమి చుక్కా, దాన్నుంచి చిమ్మే ధార, అంటే జెట్టూ వచ్చాయంది. బొమ్మ వేసిన బృందం ఆ విశ్లేషణలో లోపాలున్నాయని జవాబిచ్చింది. వేరే పద్ధతులతో వేరే వాళ్ళు చేసినప్పుడు ఉంగరమే వచ్చింది. 2018లో గ్రీన్‌లాండ్ డిష్‌ని కూడా కలిపి మళ్ళీ చూశారు, ఆ ఫలితం 2024లో వచ్చింది. ఉంగరం వ్యాసం అంతే ఉంది. అందులో ఎక్కువగా మెరిసే భాగం మాత్రం ముప్పై డిగ్రీల దాకా జరిగింది.