అర్థమయ్యే వీలునామాపై ఒక అభ్యంతరం

గుంటూరులో మా బంధువు ఒకాయన, ఏడో తరగతి చదివినవారికి కూడా అర్థమయ్యే తెలుగులో వీలునామా రాసి కన్నుమూశారు. న్యాయవాద వృత్తి మీద ఇంతటి దాడిని ఉపేక్షించకూడదు. విచారకరమైన విషయమేమిటంటే, వీలునామాకు చట్టపు పరిభాష అక్కర్లేదని, ఉద్దేశం తెలిస్తే చాలని 1925 నాటి భారత వారసత్వ చట్టమే 74వ సెక్షన్‌లో చెప్పి ఇలాంటివారిని ప్రోత్సహిస్తోంది.

సంప్రదాయం ప్రకారం ఆయన ‘నా ఇల్లు నా భార్య అనుభవించి, ఆమె తదనంతరం పిల్లలు న్యాయంగా పంచుకోవలెను’ అని రాయవలసింది. అనుభవించడమంటే ఉండడమా, అమ్ముకోవడమా? న్యాయమంటే సమానమా, చివరిదాకా చూసుకున్నవారికి ఎక్కువా? ఒక్క వాక్యంతో రెండు తరాల వాయిదాలు గడిచేవి. ఆయన మాత్రం ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు వేసి, ‘ఇది నా స్వార్జితం. నా భార్య బతికున్నంతకాలం ఇందులో ఉండవచ్చు, అద్దె తీసుకోవచ్చు, అమ్మరాదు. తర్వాత ఇల్లు నా కూతురిది’ అని తేల్చేశారు. భార్యకున్న పోషణ హక్కుకు బదులుగానే ఇల్లు ఇచ్చారని, అందువల్ల 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద ఆమెకు సంపూర్ణ హక్కు వచ్చిందని వాదించే దారి ఒకటి మిగిలిందని సంతోషించాను. అయితే పక్క పేరాలోనే ఆమె పోషణ కోసం బ్యాంకు డిపాజిట్‌ను పూర్తి హక్కుతో విడిగా ఇచ్చి, ఆ వాదననూ బాగా బలహీనపరిచారు.

సాక్షుల విషయంలోనూ ఇదే మొండితనం. కాగితం మీద ముందే సంతకం పెట్టుకుని, ఆ సంతకం పెట్టడం చూడని ఎనభై ఏళ్ల మిత్రుల చేత తీరిక చూసుకుని సంతకాలు చేయించడం మన ఆచారం కదా. ఈయన వీలునామా వల్ల పైసా రానివారిని, తనకంటే చిన్నవారిని ఇద్దరిని పిలిచి, వారి ఎదుట సంతకం చేసి, తన ఎదుటే వారి చేత చేయించారు. రేపు కోర్టులో వివాదం వస్తే, సాక్షుల్లో కనీసం ఒకరైనా బతికుండి వచ్చి చెప్పాలన్న లెక్క అది. అప్పులు తీర్చి ఆస్తి అప్పగించే ఎగ్జిక్యూటరుగా మేనల్లుడిని, అతను కాదంటే ఎవరో కూడా పేరుతో సహా రాశారు.

అన్నిటికన్నా క్రూరమైనది చివరి వాక్యం: ‘2011లో రిజిస్టరు చేసినదానితో సహా నా పాత వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను.’ రిజిస్టరు కాగితాన్ని తెల్లకాగితం కొట్టేయలేదన్న ఊరందరి నమ్మకం మీద కొడుకు పెద్ద ఆశే పెట్టుకున్నాడు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, సక్రమంగా రాసిన చివరిదే చెల్లుతుందని విని కుంగిపోయాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే, కొత్తదానితో విభేదించనంత మేరకు పాతదీ బతికే ఉందని, రెండూ కలిపి చదవాలని వాదించి, అతనూ మా వకీలూ కనీసం పదేళ్లు బిజీగా ఉండేవారు.