ప్యాకెట్‌కి మిగిలేది ఎంత?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల పీజీలున్న ఏ సందులోకి వెళ్లినా తెలుగు బోర్డుతో ఒక కర్రీ పాయింట్ కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి అదే షట్టర్ మీద వేరే బోర్డు కనిపించడమూ మామూలే. రుచి బాగోలేక మూతపడ్డవి వీటిలో కొన్నేనని నా అనుమానం. చాలావాటిని ముంచేది డబ్బు రాని నెలల్లో కంగారుగా తీసుకున్న నిర్ణయాలే.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక జంట వ్యాపారాన్ని దగ్గర్నుంచి చూశాను. షాపు అద్దె 25 వేలు, అడ్వాన్సు పది నెలల అద్దె. గిన్నెలు, పొయ్యిలు కొన్నాక చేతిలో నాలుగున్నర లక్షలు మిగిలాయి. వంటమనిషి, సహాయకుడి జీతాలు, కరెంటు, నీళ్లు, అద్దె కలిపితే నెలకు 66 వేలు. ఒక్క ప్యాకెట్ అమ్మకపోయినా ఇది కట్టాల్సిందే. కూర ప్యాకెట్ 50 రూపాయలు. అందులో సరుకులు, గ్యాసు, కవరుకు 28 పోతే 22 మిగలాలి. ఆ లెక్కన రోజుకు వంద ప్యాకెట్లు అమ్మితే షాపు ఖర్చు వస్తుంది. వీళ్లు 80 అమ్ముతున్నారు. ఇంకో ఇరవై ఎలాగోలా పెరగకపోతాయా అని భర్త ధైర్యం. యాప్‌లో డిస్కౌంట్ పెడదామన్నాడు.

నిజానికి ఆ ఎనభైలో ముప్పై యాప్ ఆర్డర్లే. భార్య పుస్తకం తీసి వాటిని విడిగా రాసింది. కమీషన్, దాని మీద పన్ను కలిపి ప్యాకెట్‌కి దాదాపు 15 రూపాయలు అక్కడే పోతోంది. మిగిలేది ఏడు. డిస్కౌంట్ అయిదు ఇస్తే రెండు. ‘‘ఏవండీ, రెండు రూపాయల కోసం ఇంత చాకిరీ ఎందుకు?’’ అని అడిగింది.

నా దృష్టిలో మొదటి ఏడాదిలో వేసుకోవాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఆదాయం తక్కువగా ఉండటంలో రెండు రకాలున్నాయి. ప్యాకెట్‌కి 22 మిగులుతూ సంఖ్య చాలకపోతే, ఓపిక పట్టడంలో అర్థం ఉంది. ప్యాకెట్‌కి ఏమీ మిగలకపోతే మాత్రం ఎంత అమ్మినా అద్దె బాకీ తీరదు, ఒళ్లు హూనమవుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా రెండో రకంలో షాపు ముందు డెలివరీ బైకులు ఆగి ఉంటాయి, వ్యాపారం బాగుందనే అందరూ అనుకుంటారు.

అసలు లెక్క వేస్తే షాపులో నెలకు దాదాపు 27 వేలు లోటు. ఇంటి ఖర్చు మరో 30 వేలు. అంటే చేతిలోని నాలుగున్నర లక్షలు ఎనిమిది నెలలు కూడా రావు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్రపట్టలేదట. కానీ టెన్షన్‌కి ఒక గడువు దొరికింది. ‘ఏమవుతుందో’ అన్నది ‘ఎనిమిది నెలలు’గా మారింది.

తర్వాత వాళ్లు చేసినవి చిన్న పనులే. యాప్‌లో కూర ధర 65 చేశారు. అక్కడి ఆర్డర్లు ముప్పై నుంచి పన్నెండుకు పడిపోయాయి. ఆఫీసు క్యాబ్‌లు జనాన్ని దించేది రాత్రి ఎనిమిదిన్నర తర్వాత. అప్పటికి షాపులో పప్పు, వేపుడు అయిపోయేవి. ఎనిమిదికి రెండో విడత వండటం మొదలుపెట్టాక నేరుగా వచ్చి కొనేవి యాభై నుంచి డెబ్బైకి పెరిగాయి. మొత్తం సంఖ్య దాదాపు అంతే, లోటు మాత్రం సగానికి తగ్గింది.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. రాత్రి గిన్నెలు కడిగాక వ్యాపారం మాట ఎత్తకూడదు. సోమవారం మధ్యాహ్నం నాలుగు వారాల సగటు చూసుకునే ఏదైనా మార్చాలి. సంక్రాంతికి పీజీలన్నీ ఖాళీ అవుతాయి. ఆ వారం గల్లా చూసి వంటమనిషిని తీసేస్తే, జనం తిరిగొచ్చేసరికి రుచి మారిపోయి ఉంటుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది అడ్వాన్సు. ‘ఈ నెల అద్దె అడ్వాన్సులో కోసుకోండి సార్’ అనే మాట చాలా తేలిగ్గా వస్తుంది. ఓనరూ ఒప్పుకుంటాడు, ఆయన పోగొట్టుకునేది లేదు కదా. అలా నాలుగైదు నెలలు గడిచాక, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చూ పోతే చేతికొచ్చేది ఎంత? ఊరికి వెళ్లాలన్నా, మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలన్నా ఆసరా ఆ డబ్బే. అద్దె కోసం బంగారం తాకట్టు పెట్టడమూ ఇలాంటిదే. గ్రైండర్ కొనడానికి పెడితే పని తగ్గుతుంది, అద్దె కట్టడానికి పెడితే నెల మాత్రం గడుస్తుంది, అంతే.

వాళ్ల పుస్తకం చివరి పేజీలో రెండు వాక్యాలున్నాయి. ‘చేతిలో లక్షన్నర మిగిలిన రోజు ఓనర్‌కి నోటీసు ఇవ్వాలి. అడ్వాన్సు ముట్టకూడదు.’ కింద ఇద్దరి సంతకాలు. మొన్న కలిసినప్పుడు అడిగితే ఇంకా రెండు లక్షల పదివేలు ఉన్నాయన్నారు. ఉగాదికి జనం ఊళ్లకు పోయి వచ్చాక మళ్లీ లెక్క చూస్తారట.