సవరణ: వేగంగా నడిస్తే ఛాతీ పట్టేయడం

"వాకింగ్‌లో స్పీడు పెంచితే ఛాతీ బిగుసుకుపోతోంది, ఆగితే తగ్గుతోంది. గ్యాసేనా అన్నా?"

గ్యాసే అయ్యుంటుంది, రెండు వారాలు మాత్ర వేసుకుని చూడమన్నాను. అది తప్పు సలహా, వెనక్కి తీసుకుంటున్నాను.

అసిడిటీ మంట మామూలుగా నడక వేగాన్ని చూసి రాదు. ఎక్కువగా తిన్నాక, పడుకున్నాక వస్తుంది. టెన్షన్ వల్ల వచ్చే నొప్పి ఊరికే కూర్చున్నా వస్తుంది. శ్రమతో వచ్చి, ఆగిన ఐదు నిమిషాల్లోపే పోయే బిగుతు మాత్రం యాంజైనా అనే గుండె నొప్పి కావచ్చు. గుండె రక్తనాళం సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం నడకకు చాలదు.

మా బాబాయికి రోజూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సగంలోనే పట్టేసేది. టిఫిన్ తిని బయల్దేరితే ఇంకా ముందే. తేన్పులూ వచ్చేవి కాబట్టి అందరం గ్యాసే అనుకున్నాం. ఈసీజీ నార్మల్ వచ్చింది. నొప్పి లేనప్పుడు తీస్తే అలా రావడం మామూలే. ట్రెడ్‌మిల్ పరీక్షలో బయటపడింది.

ఈ వారంలోనే గుండె డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా వేగంగా నడవకండి. కూర్చున్నా నొప్పి వస్తే, ఆగినా తగ్గకపోతే, చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయండి.