టౌన్ హాల్ స్లైడ్లలో ముందు ఏది?

"మన పంపుసెట్ల కంపెనీలో ఆర్డర్లు, డిస్పాచ్, సర్వీసు విభాగాలను తీసేసి కోస్తా, తెలంగాణ బృందాలుగా చేస్తున్నాం. గురువారం 140 మందికీ చెప్పాలి. స్లైడ్లు కారణాలతో మొదలుపెట్టాలా, ఎవరికి ఏం మారుతుందో ముందే చెప్పాలా?"

సర్వీసు హెడ్: కారణమే ముందు రావాలి. అది తెలియకుండా మార్పు చెబితే, పైవాళ్ల బుద్ధికి తోచినట్టు చేశారని అనుకుంటారు. మార్కెట్ పరిస్థితి, పోటీ, మూడేళ్ల ప్రణాళిక, ఆ తర్వాత కొత్త చార్టు పెడదాం.

హెచ్‌ఆర్ మేనేజర్: కారణం చెప్పాలన్న మాట నిజమే కానీ, ఆ స్లైడ్లు నడుస్తున్నంతసేపూ హాల్లో ఒక్కరూ వినరు, చార్టు రాగానే తమ పేరున్న గడి కోసం వెతుక్కుంటారు. 96 మందికి ఏమీ మారదు, 31 మందికి మేనేజరు మారతారు, 13 మందికి పనిచోటు గానీ షిఫ్టు గానీ మారుతుంది అన్న మూడు వరుసలే మొదటి స్లైడుగా ఉండాలి. రెండో స్లైడులో కారణం చెబుదాం. దానికి మార్కెట్ అక్కర్లేదు, ఒక్క ఫిర్యాదు చాలు: కాలిపోయిన మోటారుకు విడిభాగం కావాలని రైతు ఫోన్ చేస్తే ఆ కాగితం మూడు బల్లలు తిరిగి తొమ్మిదో రోజున డిస్పాచ్‌కు చేరింది. ఇకపై అది ఒకే బల్ల మీద ఉంటుంది.

సర్వీసు హెడ్: నన్ను విజయవాడకు బదిలీ చేసిన సంగతి నాకు అలాంటి చార్టులోనే, అందరి మధ్యలో తెలిసింది. ఆ రోజు తర్వాతి స్లైడ్లలో ఏముందో ఇప్పటికీ గుర్తు లేదు.

హెచ్‌ఆర్ మేనేజర్: అందుకే ఆ 13 మందికీ గురువారం ఉదయమే వాళ్ల మేనేజర్లు విడివిడిగా చెప్పాలి, పదకొండింటికి సభ పెట్టాలి. ముందురోజు చెబితే సాయంత్రానికి వాట్సాప్‌లో 140 మందికీ వేరేలా చేరుతుంది.

సర్వీసు హెడ్: సరే. కొత్త షిఫ్టులు మాత్రం సోమవారం నుంచే అని రాసేద్దాం.

హెచ్‌ఆర్ మేనేజర్: అలా రాయకూడదు. చట్టం ప్రకారం కార్మికులుగా లెక్కకు వచ్చేవారికి షిఫ్టు విధానం ఇలా మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఆ వరుస పక్కన నోటీసు తేదీ, అమలు తేదీ రెండూ వేద్దాం. ఇంకా తేలనివాటికి ఒక స్లైడు విడిగా ఉంచి, ఇన్సెంటివ్ లెక్క ఎప్పటికి చెబుతామో తేదీతో సహా అందులో పెడదాం.

సర్వీసు హెడ్: తేలనిది చూపిస్తే మనకే స్పష్టత లేదంటారు. దానికంటే "ఎవరి ఉద్యోగమూ పోదు" అని పెద్ద అక్షరాల్లో వేయండి, అందరూ స్థిమితపడతారు.

హెచ్‌ఆర్ మేనేజర్: ఎప్పటివరకు పోదు? గడువు లేకుండా ఆ మాట వేస్తే, ఆరు నెలల తర్వాత ఒక్కరు తగ్గినా ఈ స్లైడు ఫొటోనే మన ముందు పెడతారు.

సర్వీసు హెడ్: గడువు వేస్తే ఆ తేదీ తర్వాత తీసేస్తారనే చదువుకుంటారు కదా.

హెచ్‌ఆర్ మేనేజర్: చదువుకుంటారు. ఆ వాక్యం ఎలా ఉండాలో ఎండీ గారే తేల్చాలి. అప్పటిదాకా ఆ స్లైడు ఖాళీగా ఉంచుతాను.