పెద్దప్పుకే పెద్దపీట

ఏడాదికోసారి బోనస్ అందుకునే మనిషికి ఏడాదికోసారి ఒక ధర్మసందేహం కలుగుతుంది. ఉన్న అప్పుల్లో దేన్ని ముందు తీర్చాలి? కొందరు దీన్ని లెక్కల ప్రశ్న అనుకుంటారు. అది వారి అమాయకత్వం. ఇది పూర్తిగా పరువుకు సంబంధించిన ప్రశ్న.

అప్పులన్నీ ఒక స్థాయివి కావు. ఇంటి రుణానికి దస్తావేజులున్నాయి, సాక్షి సంతకాలున్నాయి, పదిహేనేళ్ల భవిష్యత్తు ఉంది. నలుగురిలో దాని ఊసెత్తితే గౌరవం పెరుగుతుందే తప్ప తరగదు. వ్యక్తిగత రుణం అంత ఘనమైనది కాకపోయినా, నెలనెలా వాయిదా చూసుకుంటూ గడువుకు వెళ్లిపోయే బుద్ధిమంతురాలు. ఇక క్రెడిట్ కార్డు బాకీ సంగతి ఎవరూ మాట్లాడరు. అది ఫోనులో ఒక మూల ఉంటుంది, నెలకోసారి సందేశం పంపుతుంది, మనం దాన్ని చదవకుండానే పక్కకు తోసేస్తాం. కాబట్టి బోనస్ వచ్చినప్పుడు పెద్దపీట పెద్దప్పుకే వేయాలన్నది ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

సిద్ధాంతానికి ఉదాహరణ కావాలి గనుక ఒక గృహస్థును ఊహించుకుందాం. ఆయనకు వచ్చిన బోనస్ 2,00,000. ఇంటి రుణం ఇంకా 20,00,000 ఉంది, వడ్డీ 8.5 శాతం, గడువు 15 ఏళ్లు, నెలకు వాయిదా 19,695, ముందుగా కడితే రుసుము లేదు. వ్యక్తిగత రుణంలో 1,00,000 మిగిలింది. వడ్డీ 14 శాతం, ఇంకో 6 నెలల వాయిదాలు, నెలకు 17,354. గడువుకు ముందే మూసేస్తే మిగిలిన అసలు మీద 4 శాతం రుసుము. కార్డు మీద బాకీ 80,000, వడ్డీ నెలకు 3.5 శాతం. పొదుపు ఖాతాలో 10,000. ఇది ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనే వర్గానికి చెందిన సంసారమని పాఠకులు ఈపాటికే గ్రహించి ఉంటారు.

గృహస్థు ఆలోచన మన సిద్ధాంతానికి అక్షరాలా సరిపోయింది. రెండు లక్షలూ ఇంటి రుణానికే. వాయిదా అలాగే ఉంచి అసలులో రెండు లక్షలు తగ్గిస్తే ఏమవుతుందో ఫోనులో లెక్క వేశాడు. గడువు 32 నెలలు తగ్గింది, మొత్తం వడ్డీలో దాదాపు 4 లక్షల 36 వేలు మిగిలాయి. రెండు లక్షలు పెట్టి నాలుగు లక్షలు గెలిచిన మనిషి ముఖంలో ఎలాంటి వెలుగు ఉంటుందో అలాంటి వెలుగుతో ఆయన ఫోనును ఇల్లాలి ముందు పెట్టాడు.

ఆమె ఫోను చూడలేదు. కార్డు స్టేట్‌మెంటు తీసి ఒక గీత మీద వేలు పెట్టింది.

“ఈ 2,800 దేనికండీ?”

“అది ఆర్థిక రుసుము. మామూలుగా ఉండేదే. మనం కనీస చెల్లింపు 4,000 క్రమం తప్పకుండా కడుతున్నాం కదా.”

“4,000 కడితే 2,800 వడ్డీకే పోతోంది. బాకీ తగ్గేది 1,200. ఆ 1,200కు మనం ఆ నెలలోనే మళ్లీ ఏదో ఒకటి కొనేస్తున్నాం. అందుకే ఎప్పుడు చూసినా 80,000 దగ్గరే ఉంటోంది.”

ఇలాంటి సూక్ష్మదృష్టి కుటుంబ ప్రతిష్ఠకు ఎంత ప్రమాదకరమో చెప్పనక్కర్లేదు. అయినా ఆమె ఆగలేదు. 80,000 మీద నెలకు 2,800 అంటే ఏడాదికి 33,600. అదే 80,000ను ఇంటి రుణంలో కడితే ఏడాదిలో ఆదా అయ్యేది 6,800. మరి ఫోను చూపించిన 4 లక్షల 36 వేలు ఎక్కడివి? అవి ఇంటి రుణం గొప్పదనం వల్ల వచ్చినవి కావు, పదిహేనేళ్ల కాలం వల్ల వచ్చినవి. ఏ వడ్డీనైనా అంతకాలం సాగదీస్తే పెద్ద అంకే కనిపిస్తుంది. న్యాయం అందరికీ ఒకటే అయితే కార్డు బాకీని కూడా ఒక్క పైసా కట్టకుండా అదే పదిహేనేళ్లు వదిలేసి చూడాలి కదా. నెలకు 3.5 శాతం చొప్పున చక్రవడ్డీ వేస్తే 80,000 కాస్తా సుమారు 3 కోట్ల 91 లక్షలు అవుతుంది. గృహస్థు ఈ లెక్కను రెండుసార్లు వేసి చూసి, కాలిక్యులేటర్‌లో ఏదో లోపం ఉందని తీర్మానించాడు.

నిజానికి అంతకాలం ఏ బ్యాంకూ ఊరుకోదు, వసూలుకు మనుషులను పంపుతుంది. కానీ రెండు అప్పులను పోల్చాలంటే రెండింటినీ ఒకే కాలానికి కొలవాలన్న సంగతి ఆ వెర్రి అంకె వల్లే అర్థమవుతుంది. పోల్చాల్సింది జీవితకాలపు ఆదాను కాదు, రాబోయే ఏడాదికి పడే వడ్డీ శాతాన్ని. కార్డులు శాతాన్ని నెలకు చెబుతాయి, ఇళ్ల రుణాలు ఏడాదికి చెబుతాయి. 3.5 కన్నా 8.5 ఎక్కువని భయపడి ఇంటి రుణం వైపు పరుగెత్తేవారు ఈ వ్యాసకర్త సిద్ధాంతానికి పెట్టనికోటలు.

బాకీ మోస్తున్న కార్డుకు ఇంకో గుణం ఉంది. బిల్లు మొత్తం కట్టేవారికి దొరికే వడ్డీలేని గడువు, బాకీ మిగుల్చుకునేవారికి సాధారణంగా దొరకదు. కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే కార్డు వాడితే నెల రోజులు ఉచితం అని నమ్ముతూ కొనుగోళ్లు చేస్తున్న గృహస్థు, కొన్నేళ్లుగా ఆ ఉచితానికి రోజువారీ వడ్డీ కడుతున్నాడు.

ఇంటి రుణం ఓడిపోయాక ఆయన రెండో ఎత్తు వేశాడు. “సరే, పోనీ వ్యక్తిగత రుణమైనా మూసేద్దాం. 14 శాతం కదా. బాకీ లేదన్న పత్రం చేతికొస్తుంది.” ఆ పత్రం మీద ఆయనకున్న మమకారాన్ని ఈ వ్యాసకర్త అర్థం చేసుకోగలడు. జీవితంలో ఏదో ఒకటి పూర్తయిందని ముద్ర వేసి ఇచ్చే కాగితాలు చాలా తక్కువ.

కానీ దాని ఖరీదు చూడండి. మిగిలిన ఆరు వాయిదాల్లో వడ్డీ మొత్తం కలిపితే 4,123. ఇప్పుడే మూసేస్తే రుసుము 4,000. నికర లాభం 123. ఆ రుసుము మీద పన్ను కూడా వేసేచోట ఎదురు నష్టం. వాయిదాల అప్పులో వడ్డీ భారం ఎక్కువగా మొదటి నెలల్లో పడుతుంది. చివరి వాయిదాల్లో దాదాపు అంతా అసలే. అప్పు కొత్తగా ఉన్నప్పుడు చేయాల్సిన పనిని అది పోతూ పోతూ ఉన్నప్పుడు చేస్తే మిగిలేది పత్రమే. ఇదే లక్షకు ఇంకా 30 నెలల గడువు ఉండి ఉంటే వడ్డీ 19,000 పైమాటే. అప్పుడు 4,000 రుసుము కట్టినా 15,000 మిగిలేది. రుసుము ఒక్కసారి పడేది, వడ్డీ మిగిలిన కాలమంతా పడేది కనుక మొదట చూడాల్సింది మిగిలిన నెలలను. స్థూలంగా ఒక కొలత ఉంది: మిగిలిన నెలలకు ఒకటి కలిపి, సగం చేసి, నెల వడ్డీ శాతంతో హెచ్చవేయాలి. మన గృహస్థుకు ఏడులో సగం మూడున్నర, నెల వడ్డీ 1.17, అంటే సుమారు 4.1 శాతం. రుసుము శాతం దానికి దగ్గరగా వచ్చిందంటే ఆ అప్పును దాని మానాన పోనివ్వడమే.

రుసుము దేని మీద వేస్తారన్నది కూడా ఒప్పందంలో చూసుకోవాలి. కొన్నిచోట్ల కట్టిన మొత్తం మీద వేస్తారు, కొన్నిచోట్ల మిగిలిన అసలు మీద. మొదటి కొన్ని నెలలు ముందస్తు చెల్లింపునే ఒప్పుకోని ఒప్పందాలూ ఉంటాయి.

కార్డుకు 80,000 పోగా 1,20,000 మిగిలింది. “ఇదైనా ఇంటి రుణానికి వెళ్లనీ,” అని గృహస్థు దాదాపు ప్రాధేయపడ్డాడు. “పొదుపు ఖాతాలో మూడు శాతం వడ్డీకి పడుకోబెడతామా, అక్కడ ఎనిమిదిన్నర కడుతూ?”

ఇది ఆయన వేసిన ప్రశ్నల్లో మొదటి మంచి ప్రశ్న. తేడా ఐదున్నర శాతం, అంటే ఆ మొత్తం మీద ఏడాదికి 6,600 నష్టం. ఇల్లాలు నష్టాన్ని ఒప్పుకుంది. తర్వాత ఇంటి ఖర్చులు పక్కనపెట్టి రెండు వాయిదాలనే కూడింది. నెలకు 37,049. ఒక జీతం ఆగితే మూడు నెలల వాయిదాలకే 1,11,147 కావాలి, ఖాతాలో ఉన్నది 10,000. ఇంటి రుణంలో ముందుగా లక్షలు కట్టినవారికి వచ్చే నెల వాయిదా కట్టనక్కర్లేదని ఏ బ్యాంకూ అనదు. వాయిదా తేదీ ఎప్పటిలాగే వస్తుంది. కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మంటే మళ్లీ కొత్త రుణానికి దరఖాస్తు పెట్టుకోమంటారు, అదీ జీతం ఆగిన మనిషిని. అప్పుడు చేతికి అందేది ఒక్క కార్డే. లక్ష రూపాయలు దాని మీద ఆరు నెలలు మోస్తే వడ్డీ 21,000. దాని ముందు 6,600 ఏమంత?

ఖాతాలో ఉంచిన డబ్బు మేరకు వడ్డీ తగ్గించి, కావలసినప్పుడు ఆ డబ్బు తీసుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి రుణాలు కూడా ఉన్నాయి. అలాంటిది ఉన్నవారికి ఈ తగాదా సగం తీరుతుంది. మన గృహస్థు వడ్డీ పావు శాతం తక్కువని మామూలు రుణమే తీసుకున్నాడు.

మొత్తానికి కార్డుకు 80,000 కట్టారు. మరుసటి నెల బిల్లు మళ్లీ వచ్చింది, 1,867. “చూశావా, ఈ కార్డుకు నీతి లేదు,” అని గృహస్థు విజయోత్సాహంతో కేక వేశాడు. బిల్లు తయారైన రోజుకూ డబ్బు కట్టిన రోజుకూ మధ్య 20 రోజులున్నాయి. ఆ రోజుల వడ్డీ పాత బిల్లులో ఉండదు, తర్వాతి బిల్లులో వస్తుంది. కట్టేశాం కదా అని దాన్ని తోసేసేవారికి దాని మీద ఆలస్య రుసుము కూడా పడుతుంది. ముగించే రోజు మొత్తం ఎంతో బ్యాంకును అడిగి కట్టి ఉంటే ఆ కేకకు అవకాశం ఉండేది కాదు.

వ్యక్తిగత రుణం ఆరు నెలల్లో దానంతట అదే వెళ్లిపోయింది, పత్రం ఉచితంగానే వచ్చింది. ఇప్పుడు నెలకు 17,354 చేతిలో మిగులుతోంది. గృహస్థు మళ్లీ ఇంటి రుణం పేరెత్తాడు. ఈసారి ఇల్లాలు కాదనలేదు. కట్టేది రాబోయే వాయిదాలకు ముందస్తుగా జమ చేయకుండా అసలులో తగ్గించాలనీ, వాయిదా తగ్గించకుండా గడువు తగ్గించాలనీ దరఖాస్తులో స్పష్టంగా రాసి, రసీదు తీసుకుని రమ్మంది.