స్లీవ్‌లెస్‌లో చంక తెరుచుకుంటే తప్పు లోతుదేనా?

“ఛాతీ కొలతను ఆరుతో భాగించి ఒక అంగుళం కలపండి, అదే చంక లోతు. స్లీవ్‌లెస్ టాప్ చంక దగ్గర తెరుచుకుంటే లోతు ఎక్కువైనట్టే. షోల్డర్ దగ్గర అర అంగుళం పట్టేస్తే సరిపోతుంది.”

కుట్టు నేర్చుకునేటప్పుడు వినిపించే ఈ సలహాలో అసలు చిక్కు ఛాతీ కొలతతోనే మొదలవుతుంది. టేపు రొమ్ముల మీదుగా తిరుగుతుంది కాబట్టి వాటి నిండుదనం కూడా అందులో కలుస్తుంది. రొమ్ము పెద్దదైనంత మాత్రాన చంక కిందికి దిగదు కదా! మా పిన్నికి ఛాతీ 42 అంగుళాలు. రొమ్ముల పైన, చంకల కింది నుంచి చుట్టి చూస్తే 36. సూత్రం ప్రకారం 42ను ఆరుతో భాగించి ఒకటి కలిపితే చంక లోతు 8 అంగుళాలు రావాలి.

నేను కొలిచింది ఇలా. చెయ్యి మామూలుగా కిందికి వదిలేయమని, చంకలో ఒక స్కేలు అడ్డంగా, ఒత్తకుండా పెట్టాను. భుజం చివర నుంచి స్కేలు పై అంచు దాకా నిలువుగా ఆరున్నర అంగుళాలు వచ్చింది. స్లీవ్‌లెస్‌కి దానికి అర అంగుళం కలిపితే చాలు. అంటే 7. సూత్రాన్ని నమ్మి ఉంటే ఒక అంగుళం ఎక్కువ తెగి, లోపలి బట్టలు కనిపించేవి.

లోతు సరిగ్గా 7 పెట్టి నమూనా కుట్టినా ముందువైపు చంక అంచు మధ్యలో తెరుచుకునే ఉంది. ఎందుకంటే భుజం నుంచి దిగే బట్ట రొమ్ము ఎత్తు మీదుగా వెళ్లి, పక్కకు వచ్చేసరికి మిగిలిపోతుంది. ఆ మిగులును మొనగా మడిచి కుట్టే డార్ట్ తీసుకోకపోతే అది చంక అంచు దగ్గర చేరుతుంది. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా కనిపించేది అందుకే. షోల్డర్ దగ్గర పట్టేస్తే చంక అడుగు పైకి వచ్చి కోసుకుంటుంది, మధ్యలోని మిగులు మాత్రం అలాగే ఉంటుంది. మెడా చంకా రెండూ కిందికి జారినప్పుడే షోల్డర్ పట్టడం పనికొస్తుంది.

పిన్ని టాప్‌లో ఆ మిగులును రొమ్ము మొన దగ్గరి బస్ట్ పాయింట్ వైపు చిటికెతో పట్టి పిన్ను పెడితే ముప్పావు అంగుళం తేలింది. దాన్ని కాగితం మీద గీశాను. పక్క కుట్టు నుంచి బస్ట్ పాయింట్ దాకా ఇంకో గీత గీసి కత్తిరించి, చంక దగ్గరి ముప్పావు అంగుళాన్ని మడిచి మూసేస్తే పక్కన అంత కోణమే తెరుచుకుంది. అదే సైడ్ డార్ట్. దాని మొన బస్ట్ పాయింట్‌కి ఒక అంగుళం ముందే ఆపాను, లేకపోతే అక్కడ బట్ట మొనదేలుతుంది.

చంక దగ్గరి మడత వీపు మీది రెక్క ఎముక వైపు చూపిస్తే ఈ డార్ట్ పనికిరాదు, వీపు భాగాన్ని సరిచేయాలి. మడత ఎటూ చూపకుండా అంచు అలలుగా ఉంటే కత్తిరించిన ముక్కను కాగితం మీద పెట్టి చూడండి. చంక వంపులో బట్ట ఏటవాలుగా తెగుతుంది కాబట్టి పట్టుకుని కాస్త లాగినా సాగుతుంది. ముక్క కాగితం కంటే పొడుగైతే లోపం కొలతది కాదు. ఈసారి కత్తిరించిన వెంటనే ఆ వంపు వెంట ఒక వరస కుట్టేసి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టండి.