నగలు వాపసిచ్చిన బ్యాంకే ఇంకా బాకీ ఉందంటే ఎట్లా?

సిబిల్ రిపోర్టులో తప్పు పడితే దాన్ని దిద్దించుకునే బాధ్యత లోను తీసుకున్నోడిదే అని మన బ్యాంకులు తేల్చేసినాయి. నేనైతే ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి అంటాను. తప్పు రాసినోళ్లదే దిద్దే భారం, దానివల్ల పోయే డబ్బు కూడా వాళ్లే కట్టాల.

రాయదుర్గంలో జీన్స్ కుట్టించే యూనిట్ నడిపే నాకు తెలిసినాయన సంగతే చూడండి. కొత్త మిషన్ల కోసం 5 లక్షల లోను అడిగితే స్కోరు బాగలేదని తిప్పి పంపినారు. రిపోర్టు తీసి చూస్తే, ఎప్పుడో వేరే బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం లోను ఇంకా నడుస్తున్నట్టే ఉంది. Amount Overdue దగ్గర 1,860 రూపాయలు, Date Closed ఖాళీ, కింద నెలల గడుల్లో ఆలస్యమైన రోజులు నెలనెలా ఎక్కుతా పోయినాయి. ఆయనేమో 2023లోనే అసలూ వడ్డీ కట్టేసి నగలు విడిపించుకున్నాడు. బాకీ మిగిలి ఉంటే ఏ బ్యాంకయినా బంగారం చేతికిస్తుందా? నగలు ముట్టినట్టు ఆయన పెట్టిన సంతకం ఆ బ్రాంచిలోనే ఉంటుంది కదా. లోను కట్టించుకున్నాక సిస్టంలో అకౌంటు మూయలేదు, ఆ తర్వాత ఏదో ఛార్జీ పడింది, దానిమీద వడ్డీ పెరిగింది, అంతే జరిగింది.

బ్రాంచికి పోతే సిబిల్ వాళ్లనడగమన్నారు, సిబిల్‌లోనేమో బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తామన్నారు. రెండో మాట నిజమే, బ్యాంకు సరిచేసి పంపకుండా ఆ కంపెనీ ఒక్క అంకె కూడా మార్చదు. కాబట్టి 5 వేలిస్తే స్కోరు సరిచేయిస్తామనే ఏజెంట్ల మాట నమ్మొద్దు, రిపోర్టులో తప్పుందని సిబిల్‌లో డిస్ప్యూట్ వేయడానికి పైసా ఖర్చు లేదు. ఆయన ఆన్‌లైన్‌లో వేసినాడు కానీ Current Balance ఒక్కటే తప్పని చూపించినాడు. బ్యాంకు బ్యాలెన్స్ సున్నా చేసింది, పాత నెలల గడుల్లో ఆలస్యం మాత్రం అట్లే ఉండిపోయింది, స్కోరు పెద్దగా కదల్లేదు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. బ్యాలెన్స్, ఓవర్‌డ్యూ, మూసిన తేదీ, ఆ తేదీ తర్వాత పడిన ప్రతి ఆలస్యం గడి, అన్నీ తప్పేనని విడివిడిగా చూపించాల. మళ్లీ అట్లే వేసి, కట్టిన రసీదు, నగలు వాపసిచ్చిన కాగితం జతచేసి బ్రాంచిలో కూడా రాతపూర్వకంగా ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకున్నాక గానీ పని కాలేదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే ఇట్లాంటి కంపెనీల రిపోర్టులు కూడా చూసుకోవాల, సిబిల్‌తో కలిపి నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే.

కోట్ల ఖాతాల్లో కొన్ని తప్పులు సహజమని, జనం చెప్పగానే మార్చేస్తే ఎగ్గొట్టినోళ్లంతా శుభ్రమైపోతారని బ్యాంకోళ్లు అంటారు. ఆ భయం సరైందే, అందుకే సాక్ష్యం చూడమనే మేమూ అంటున్నాం. కానీ ఈ కేసులో సాక్ష్యం బ్యాంకు దగ్గరే ఉంది కదా, దాన్ని వెతికే పని ఎవరిది?

ఇప్పుడు పరిహారం సంగతికొద్దాం, నాకు అసలు మండేది ఇక్కడే. ఫిర్యాదు అందినాక 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయలివ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సరిచేసిన సమాచారం బ్యాంకు 21 రోజుల్లో పంపకపోతే ఆ డబ్బు బ్యాంకు కట్టాల, బ్యాంకు పంపినా 30 రోజుల్లో మార్చకపోతే సిబిల్ లాంటి కంపెనీ కట్టాల. నోటిమాటగా అడిగితే ఈ గడువు మొదలైనట్టు రుజువే ఉండదు, అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ ముఖ్యం. అప్పటికీ తేలకపోతే cms.rbi.org.in లో ఇట్లాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వేయొచ్చు.

కానీ ఆ 100 దేనికి సరిపోతుంది? బ్యాంకు కాదంటే మన ఊర్లలో ఉండేది నూటికి రెండు రూపాయల వడ్డీ. 5 లక్షలకు నెలకు 10 వేలు. బ్యాంకులో 12 శాతానికి దొరికుంటే 5 వేలు. అంటే రోజుకు దాదాపు 166 రూపాయల నష్టం, మొదటి 30 రోజులకైతే పైసా రాదు. ఇదే రిజర్వ్ బ్యాంక్, లోను తీరినాక ఆస్తి పత్రాలు 30 రోజుల్లో వాపసివ్వకపోతే రోజుకు 5,000 కట్టమని బ్యాంకులకు 2023లో చెప్పింది. ఆ భయంతో బ్యాంకులు పత్రాల విషయంలో జాగ్రత్తపడతాయి. మనిషి పేరు మీద తప్పు రాస్తే మాత్రం 100 చాలంట! చిన్న వ్యాపారికి, కౌలు రైతుకు పత్రాలెక్కడివి, వాళ్లకున్న ఆస్తి ఆ పేరే. తీరిన లోనును తీరలేదని రాసిన కేసుల్లోనైనా ఆ 5,000 రూలే పెట్టాల, అదీ ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచే లెక్కగట్టాల.